స్వైపింగ్ మెషిన్ వాపసు ఇవ్వాలంటే: నోటీసు నుంచి రెంట్ ఆగేదాకా

మా వీధిలో చెప్పుల షాపు నడిపే బాబాయ్ ఒకరోజు బ్యాంక్ స్టేట్‌మెంట్ పట్టుకుని వచ్చారు. "అమ్మా, మెషిన్ ఇచ్చేసి ఐదు నెలలైంది. ఇంకా రెంట్ ఎందుకు కోస్తున్నారు?" అన్నారు. చూస్తే నిజమే. నెలనెలా ₹590 చొప్పున ఐదుసార్లు పోయింది, మొత్తం ₹2,950. మెషిన్ ఎవరికిచ్చారని అడిగితే "బండి మీద ఒక కుర్రాడు వచ్చాడు, ఇచ్చేశాను" అన్నారు. కాగితం ఏదైనా ఇచ్చాడా అంటే లేదు.

చిన్న షాపులకు లెక్కలు రాసే పనిలో ఈ గొడవ నాకు చాలాసార్లు ఎదురైంది. మూలం ఎప్పుడూ ఒకటే. మెషిన్ షాపు దాటి వెళ్తే రెంట్ ఆగిపోతుందని మనం అనుకుంటాం. కానీ బిల్లింగ్ సిస్టమ్‌కు మెషిన్ కనిపించదు, టీఐడీ అనే నంబర్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ నంబర్‌ను సిస్టమ్‌లో క్లోజ్ చేసేదాకా మెషిన్ గోడౌన్‌లో పడి ఉన్నా రెంట్ పడుతూనే ఉంటుంది. కింద చెప్పే పనులన్నీ ఆ నంబర్‌ను క్లోజ్ చేయించి, చేశారని రాతపూర్వకంగా చేతికి తెచ్చుకోవడానికే.

## 1. ఏది మూయాలో ముందు తేల్చుకోండి

పాత చార్జ్ స్లిప్ ఒకటి తీసి చూడండి. పైభాగంలో TID, MID అని రెండు నంబర్లు ఉంటాయి. టీఐడీ ఎనిమిది అక్షరాలు లేదా అంకెలతో ఉంటుంది, అది ఆ ఒక్క మెషిన్‌ది. ఎంఐడీ సాధారణంగా పదిహేను అంకెలుంటుంది, అది మీ షాపుది. రెండు కౌంటర్లలో రెండు మెషిన్లుంటే ఎంఐడీ ఒకటే, టీఐడీలు రెండు.

రెండు మెషిన్లలో ఒకటే వద్దనుకుంటే టీఐడీ క్లోజ్ చేయమనాలి. ఎంఐడీ క్లోజ్ చేయమని రాస్తే రెండోది కూడా ఆగిపోతుంది. క్యూఆర్ కోడ్, సౌండ్‌బాక్స్ కూడా అదే బ్యాంక్ ఇచ్చి ఉంటే అవి ఇదే ఎంఐడీ కింద ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. కార్డు మెషిన్ తీసేయించబోయి యూపీఐ కూడా పోగొట్టుకుని, సంక్రాంతి ముందు నాలుగు రోజులు నోట్లతోనే వ్యాపారం చేసిన షాపు నాకు తెలుసు. సౌండ్‌బాక్స్ రెంట్ విడిగా పడుతుంటే అది ఉంచాలా, తీసేయాలా అన్నది కూడా నోటీసులోనే చెప్పాలి.

ఇంకో సంగతి అప్పు. మెషిన్ మీద జరిగే అమ్మకాలను చూసి బ్యాంకులు, పేమెంట్ కంపెనీలు లోన్లు ఇస్తాయి. కొన్ని లోన్లలో వాయిదా రోజువారీ సెటిల్‌మెంట్‌లోంచే కోసుకుంటారు. అలాంటిది ఉంటే ముందు లోన్ విభాగంతో మాట్లాడండి. లేకపోతే మెషిన్ ఆగిన మరునాటి నుంచే వాయిదా కట్టలేదన్న ఫోన్లు మొదలవుతాయి.

## 2. అగ్రిమెంట్‌లో వెతకాల్సినవి

అగ్రిమెంట్ కాపీ లేకపోతే మెషిన్ పెట్టిన రోజుల్లో వచ్చిన మెయిల్ వెతకండి. అదీ లేకపోతే బ్రాంచ్‌లోనో కస్టమర్ కేర్‌లోనో కాపీ అడగండి. అందులో చూడాల్సినవి ఇవి:

- లాక్-ఇన్, అంటే మెషిన్‌ను మానేయకుండా ఉంచుకోవాల్సిన కాలం ఎన్ని నెలలు, అది ఏ తేదీతో పూర్తవుతుంది
- ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మెయిల్ సరిపోతుందా, లెటర్ కావాలా
- డిపాజిట్ కట్టారా, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారు
- మెషిన్ పాడైనా, చార్జర్ పోయినా ఎంత కట్టాలి
- రెంట్ నెల మొదట్లో పడుతుందా, నెల పూర్తయ్యాక పడుతుందా

లాక్-ఇన్ ఇంకా రెండు మూడు నెలలే మిగిలి ఉంటే ఒక చిన్న లెక్క వేయండి. మిగిలిన నెలల రెంట్ ఒకవైపు, ముందే మానేస్తే కట్టాల్సిన చార్జీ ఇంకోవైపు పెట్టి చూడండి. చార్జీ ఎక్కువైతే మెషిన్‌ను ఆ రెండు నెలలూ ఉంచుకోవడమే మేలు. నోటీసు మాత్రం లాక్-ఇన్ పూర్తయ్యే రోజుకు సరిపోయేలా ముందే ఇచ్చేయాలి.

రెంట్ భారమని మాత్రమే మానేయాలనుకుంటే నోటీసుకు ముందు ఒక మాట అడిగి చూడండి. నెలకు ఇంత మొత్తం స్వైప్ అయితే రెంట్ లేదు అనే స్కీమ్‌లు చాలా బ్యాంకుల్లో ఉంటాయి. మీ అమ్మకాలు ఆ గీతకు దగ్గర్లో ఉంటే ప్లాన్ మార్చమని అడగొచ్చు. ఒప్పుకుంటే ఆ మాట మెయిల్‌లో తీసుకోండి. సేల్స్ వాళ్లు నోటితో చెప్పిన మాఫీ బిల్లులోకి ఎక్కదు.

## 3. తేదీ లెక్క

డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం.

రెంట్ ₹500. దాని మీద 18 శాతం జీఎస్టీ ₹90. మొత్తం ₹590. ప్రతినెలా 1వ తేదీన ఆ నెల రెంట్ ముందుగా పడుతుంది. నోటీసు గడువు 30 రోజులు.

జూన్ 28న నోటీసు అందితే గడువు జూలై 28తో ముగుస్తుంది. జూలై 1న ఒక ₹590 పడుతుంది, అది న్యాయమే. ఆగస్టు 1న పడకూడదు.

అదే నోటీసు జూలై 5న ఇస్తే గడువు ఆగస్టు 4 దాకా పోతుంది. ఆగస్టు 1న ఇంకో ₹590 పడుతుంది. నాలుగు రోజుల వాడకానికి నెల మొత్తం రెంట్ అన్నమాట. మిగతా రోజుల డబ్బు వెనక్కి ఇస్తామని అగ్రిమెంట్‌లో ఉంటే తప్ప రాదు.

అందుకని రెంట్ పడే తేదీ నుంచి వెనక్కి 30 రోజులు లెక్కపెట్టండి. దానికి ఇంకో ఐదారు రోజులు కలిపి నోటీసు పంపండి. మధ్యలో ఆదివారం, రెండో శనివారం, పండగ సెలవు ఏదో ఒకటి వస్తుంది. గడువు మీరు పంపిన రోజు నుంచి కాక వాళ్లకు అందిన రోజు నుంచి మొదలవుతుందని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది.

## 4. నోటీసు రాయడం

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "క్యాన్సిల్ చేయండి" అంటే అది నోటీసు కాదు. ఫోన్ చేయండి, రిక్వెస్ట్ నంబర్ తీసుకోండి, కానీ మెయిల్ కూడా పంపండి. బ్యాంక్ మెషిన్ అయితే బ్రాంచ్‌లో లెటర్ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో సహా స్టాంప్ వేయించుకోండి. ఈ పనిని బ్యాంకుల్లో డీ-ఇన్‌స్టలేషన్ అంటారు. ఆ మాట వాడితే ఏ టేబుల్‌కు పంపాలో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

మెయిల్ రిజిస్టర్ అయిన మెయిల్ ఐడీ నుంచే వెళ్లాలి. అప్పట్లో మెషిన్ పెట్టించిన సేల్స్ కుర్రాడు తన మెయిల్ ఐడీనే ఎక్కించిన సందర్భాలు చూశాను. అలాంటిదేమైనా ఉంటే ముందు దాన్ని మార్పించుకోవాలి.

లెటర్ ఇలా ఉంటే చాలు. ఇంగ్లిష్‌లో రాసినా విషయం ఇదే:

> తేదీ: …
>
> విషయం: పీఓఎస్ మెషిన్ డీ-ఇన్‌స్టలేషన్, టీఐడీ క్లోజర్ గురించి
>
> మా షాపు పేరు …, ఎంఐడీ …, టీఐడీ …, మెషిన్ సీరియల్ నంబర్ ….
>
> పై మెషిన్ మాకు ఇక అవసరం లేదు. అగ్రిమెంట్ ప్రకారం 30 రోజుల నోటీసు ఇస్తున్నాము. … తేదీతో టీఐడీని క్లోజ్ చేసి, ఆ తర్వాత రెంట్, ఇతర చార్జీలు వేయవద్దని కోరుతున్నాము.
>
> ఇదే ఎంఐడీ కింద ఉన్న క్యూఆర్ కోడ్ అలాగే కొనసాగాలి.
>
> మెషిన్ తీసుకెళ్లడానికి వచ్చే వ్యక్తి వివరాలు ముందుగా తెలియజేయండి. కట్టాల్సిన బాకీ ఏమైనా ఉంటే చెప్పండి. డిపాజిట్ ₹… మా కరెంట్ అకౌంట్‌లో జమ చేసి, క్లోజర్ కన్ఫర్మేషన్ మెయిల్ పంపగలరు.
>
> సంతకం, షాపు స్టాంప్, రిజిస్టర్డ్ ఫోన్ నంబర్

సీరియల్ నంబర్ మెషిన్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. ఆ స్టిక్కర్ చేతి చెమటకు చెరిగిపోయి ఉంటే మెషిన్ పెట్టిన రోజు ఇచ్చిన ఇన్‌స్టలేషన్ రిపోర్ట్‌లో దొరుకుతుంది.

## 5. చివరి వారం

రిఫండ్లు ఏవైనా ఉంటే ఈ వారంలోనే తేల్చేయండి. వాయిడ్, అంటే అమ్మకాన్ని మెషిన్‌లోనే రద్దు చేయడం, సెటిల్‌మెంట్ కాకముందు మాత్రమే పని చేస్తుంది. ఆ తర్వాత రిఫండ్ పెట్టాలి. టీఐడీ క్లోజ్ అయ్యాక ఆ మెషిన్ నుంచి ఏదీ చేయలేరు, బ్యాంక్‌కు రాతపూర్వకంగా అడగాల్సి వస్తుంది.

కార్డు మీద కొన్న సరుకు వెనక్కి తెచ్చిన కస్టమర్‌కు నగదు మాత్రం ఇవ్వకండి. నగదు తీసుకుని, తర్వాత కార్డు బ్యాంక్‌లో కూడా డిస్ప్యూట్ పెడితే మీకు రెండుసార్లు నష్టం. మీరు నగదు ఇచ్చారని చూపించడానికి కార్డు రికార్డులో ఏమీ ఉండదు.

చివరి అమ్మకం అయ్యాక మెనూలో Settlement నొక్కి బ్యాచ్ క్లోజ్ చేయండి. చాలా మెషిన్లు రాత్రిపూట వాటంతటవే చేసుకుంటాయి, కానీ చివరి రోజు దాని మీద ఆధారపడొద్దు. సెటిల్ కాని బ్యాచ్ మెషిన్‌లో ఉండగానే ఎవరో వచ్చి తీసుకెళ్తే ఆ రోజు డబ్బు కోసం వారాల తరబడి తిరగాలి. సెటిల్‌మెంట్ స్లిప్ ప్రింట్ తీసి, వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి.

ఆ మొత్తం అకౌంట్‌లో పడిందని చూశాకే మెషిన్ ఇవ్వండి. సాధారణంగా మరుసటి పనిరోజుకు పడుతుంది.

ఈలోగా మెషిన్‌ను చార్జింగ్‌లో ఉంచండి, స్క్రూలు విప్పకండి. లోపల కార్డు డేటాను కాపాడే రహస్య కీలు ఉంటాయి. కేస్ తెరిచినట్టు తెలిస్తే మెషిన్ వాటిని తనే చెరిపేసుకుని లాక్ అయిపోతుంది. కింద పడినా, లోపలి చిన్న బ్యాకప్ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా కూడా ఇలా జరగొచ్చు. స్క్రీన్ మీద TAMPER లాంటి మాట కనిపిస్తే అదే. అప్పుడు మీరే పాడుచేశారని చార్జీ వేసే అవకాశం ఉంది. వాడటం మానేశాక ఆరు నెలలు సొరుగులో పడేసి, తర్వాత వాపసు ఇవ్వబోతే ఈ తంటా వస్తుంది. అలా కనిపిస్తే ఆ రోజే కంప్లైంట్ పెట్టి నంబర్ తీసుకోండి.

## 6. మెషిన్ అప్పగించడం

మెషిన్ తీసుకోవడానికి వచ్చే మనిషి ఎక్కువసార్లు బ్యాంక్ ఉద్యోగి కాదు. బ్యాంక్ పని అప్పగించిన వెండర్ తరఫు ఫీల్డ్ ఇంజనీర్. అందుకే అతనికి మెషిన్ అందడానికీ, బ్యాంక్ సిస్టమ్‌లో అది నమోదు కావడానికీ మధ్య దూరం ఉంటుంది. ఆ దూరంలోనే చెప్పుల షాపు బాబాయ్ ₹2,950 పోయింది.

ముందుగా చెప్పకుండా ఎవరైనా వచ్చి "మెషిన్ అప్‌డేట్ చేయాలి, ఇవ్వండి" అంటే ఇవ్వొద్దు. ఐడీ కార్డు, మీ రిక్వెస్ట్ నంబర్ అడగండి. అతను చెప్పిన ఫోన్ నంబర్‌కు కాకుండా మెషిన్ మీదో బ్యాంక్ వెబ్‌సైట్‌లోనో ఉన్న నంబర్‌కు చేసి సరిచూసుకోండి. మెషిన్ క్యాన్సిల్ చేస్తామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగినా, ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నా పెట్టేయండి. టీఐడీ క్లోజ్ చేయడానికి ఆ యాప్‌లతో పని లేదు.

అప్పగించేటప్పుడు ఇవి సరిచూసుకోండి:

- మెషిన్ ముందు, వెనక ఫోటోలు, సీరియల్ నంబర్ స్పష్టంగా కనిపించేలా
- స్క్రీన్ వెలిగి ఉండగా ఒక ఫోటో
- చార్జర్, వైరు, ఇచ్చి ఉంటే స్టాండ్
- మెషిన్‌లో ఉన్న సిమ్ (అది వాళ్లదే, తీయొద్దు)
- పికప్ స్లిప్ మీద టీఐడీ, సీరియల్ నంబర్, తేదీ, "పని చేసే స్థితిలో ఉంది" అన్న మాట, అతని పేరు, సంతకం
- ఐడీ కార్డు ఫోటో

అతని దగ్గర స్లిప్ లేకపోతే మీ బిల్లు బుక్‌లో ఒక కాగితం మీద మీరే రాసి సంతకం పెట్టించుకోండి. "నాకు టైమ్ లేదు సార్, సాయంత్రం వాట్సాప్ చేస్తా" అంటాడు. రెండు నిమిషాల పని, అక్కడే చేయించాలి. సంతకం పెట్టనంటే మెషిన్ ఇవ్వకండి, మళ్లీ పికప్ పెట్టించుకోండి.

కొరియర్‌లో పంపమంటే కంపెనీ ఇచ్చిన లేబుల్‌తోనే పంపండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుందని కొరియర్ వాళ్లకు చెప్పాలి. ప్యాక్ చేసేటప్పుడు ఫోటో, రసీదు నంబర్, డెలివరీ అయినట్టు స్క్రీన్‌షాట్, మూడూ దాచుకోండి.

ఎవరూ రాకపోతే? ఇది కూడా తరచుగా జరుగుతుంది. నోటీసు గడువు పూర్తయిన రోజు ఇంకో మెయిల్ పెట్టండి: "మెషిన్ సిద్ధంగా ఉంది, ఫలానా తేదీ నుంచి మేము వాడటం లేదు, ఎవరూ రాలేదు, ఆలస్యానికి రెంట్ వేయవద్దు." వారానికోసారి అదే మెయిల్‌కు రిప్లైగా గుర్తు చేయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు. తర్వాత గొడవ వస్తే ఆ ఒక్క వరుస చాలు.

## 7. మాండేట్‌ను ఎప్పుడు ఆపాలి

రెంట్ రెండు రకాలుగా పోతుంది. మీ కరెంట్ అకౌంట్ ఉన్న బ్యాంకే మెషిన్ ఇస్తే అకౌంట్‌లోంచి నేరుగా కోసుకుంటుంది. వేరే కంపెనీదైతే మీరు సంతకం పెట్టిన ఆటో డెబిట్ మాండేట్ ద్వారా పోతుంది, లేదా సెటిల్‌మెంట్‌లో తగ్గించి ఇస్తారు.

చాలామంది చేసే పని ఏమిటంటే విసుగొచ్చి మాండేట్ ఆపేయడం, లేదా అకౌంట్ ఖాళీ చేసేయడం. నోటీసు గడువు నడుస్తుండగా ఇలా చేయకండి. డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోతే మీ బ్యాంక్ బౌన్స్ చార్జీ వేస్తుంది. న్యాయంగా కట్టాల్సిన బాకీ అయితే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టే వీలు కూడా ఉంది.

వరుస ఇది: చివరి రెంట్ కట్టడం, మెషిన్ ఇవ్వడం, క్లోజర్ మెయిల్ రావడం, ఆ తర్వాత మాండేట్ క్యాన్సిల్. బ్యాంక్ యాప్‌లో మాండేట్ల జాబితా ఉంటే అక్కడే చేయొచ్చు, లేకపోతే బ్రాంచ్‌లో లెటర్ ఇవ్వాలి.

కరెంట్ అకౌంట్‌ను మాత్రం వెంటనే మూయకండి. డిపాజిట్ రావాల్సింది అందులోకే. పాత అమ్మకాల మీద డిస్ప్యూట్లు మెషిన్ పోయాక కూడా కొన్ని నెలల దాకా రావచ్చు. అలాంటిది వస్తే స్లిప్, బిల్లు చూపించాలి. అగ్రిమెంట్‌లో ఎన్నాళ్లు ఉంచమంటే అన్నాళ్లు పాత స్లిప్‌లు దాచండి.

## 8. స్టేట్‌మెంట్ చూసుకోవడం

క్లోజర్ మెయిల్ వచ్చాక కూడా వరుసగా రెండు నెలల స్టేట్‌మెంట్ చూడండి. రెంట్ అని స్పష్టంగా ఉండకపోవచ్చు, POS RENT లాంటి పొట్టి మాటలుంటాయి. పాత నెలల్లో పడిన లైన్ ఎలా ఉందో చూసి అదే మాటతో వెతికితే దొరుకుతుంది. మీరు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకునే షాపైతే చివరి నెల రెంట్ ఇన్‌వాయిస్ కూడా తెప్పించుకోండి.

## 9. అయినా కోత ఆగకపోతే

ముందు బ్యాంక్‌కో కంపెనీకో రాతపూర్వకంగా కంప్లైంట్ పెట్టండి. నోటీసు కాపీ, పికప్ స్లిప్, రెంట్ పడిన స్టేట్‌మెంట్ పేజీలు జతచేయండి. ఏ తేదీన ఎంత పోయిందో పట్టికలా రాసి, మొత్తం ఎంత వెనక్కి రావాలో స్పష్టంగా అడగండి. కింది స్థాయిలో కదలిక లేకపోతే వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ పేజీలో ఉన్న నోడల్ ఆఫీసర్‌కు అదే మెయిల్ పంపండి.

బ్యాంక్ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. cms.rbi.org.in లో ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఫీజు లేదు. సందేహాలకు 14448 నంబర్ ఉంది. బ్యాంక్‌కు ముందు కంప్లైంట్ ఇవ్వకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపేస్తారు, కాబట్టి ఆ మొదటి మెయిల్ తేదీ ముఖ్యం.

బాబాయ్ విషయంలో పికప్ స్లిప్ లేదు. కానీ ఆ కుర్రాడు వచ్చే ముందు దారి అడుగుతూ పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఫోన్‌లో మిగిలి ఉంది. అందులో టీఐడీ కూడా ఉంది. దానికి తోడు ఆ తేదీ తర్వాత మెషిన్ మీద ఒక్క లావాదేవీ కూడా లేదని స్టేట్‌మెంట్‌తో చూపించాం. రెండు మెయిళ్లు, బ్రాంచ్‌కు మూడుసార్లు తిరగడం అయ్యాక నాలుగు నెలల రెంట్, ₹2,360 వెనక్కి వేశారు. మొదటి నెల ₹590 మాత్రం నోటీసు గడువు కిందికి వస్తుందన్నారు. మెషిన్ ఇచ్చారు గానీ నోటీసు రాసివ్వలేదు కాబట్టి దాని మీద మేము అడగడానికి ఏమీ లేకపోయింది.